ప్రొబేటు గుమ్మంలో కేవియట్: మూడు వందల ఏళ్ల సింహావలోకనం

భారత వారసత్వ చట్టం చివర, అయిదో షెడ్యూలులో ఒక నమూనా కాగితం ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. ఫలానా ఊరివాడైన ఫలానా మనిషి ఫలానా తేదీన చనిపోయాడు, అతని ఎస్టేటు విషయంలో నాకు నోటీసు ఇవ్వకుండా ఏ చర్యా తీసుకోవద్దు అని దాని సారాంశం. కింద పేరు, చిరునామా. ఎందుకు అడ్డుపడుతున్నారో అందులో చెప్పనక్కర లేదు. సాక్ష్యం జతచేయనక్కర లేదు. ఆ కాగితం కోర్టులో నమోదయ్యాక, కేవియట్ వేసిన మనిషికి కోర్టు సబబని తోచినంత నోటీసు ఇచ్చేదాకా ప్రొబేటు పిటిషన్ మీద ముందుకు కదలడానికి వీల్లేదు. చట్టంలోని 284వ సెక్షన్ కేవియట్ వేసే హక్కు ఇస్తే, 285వ సెక్షన్ దానికి ఈ బలం ఇచ్చింది.

ఇంత చిన్న కాగితానికి ఇంత బలం ఎలా వచ్చిందో, ఎవరి చేతిలో అది పనిచేస్తుందో, ఎవరి చేతిలో పనిచేయదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ మధ్య చట్టంలో వచ్చిన ఒక మార్పు ఆ బలాన్ని పునాదిలోనే తగ్గించింది కనుక, ఇప్పుడు వెనక్కి చూడవలసిన అవసరం మరీ ఉంది.

ఇంగ్లండులో వీలునామాలు చాలా శతాబ్దాలు మత న్యాయస్థానాల చేతిలో ఉండేవి. పెద్ద ఆస్తులున్నవాళ్ల వీలునామాలు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పేరిట నడిచే ప్రిరోగేటివ్ కోర్టుకు వెళ్లేవి. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి దగ్గర డాక్టర్స్ కామన్స్ అనే చోట ఆ కోర్టు వ్యవహారాలు నడిచేవి. అక్కడ ప్రొబేటు పొందడం సులువు. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా పేరున్న మనిషి వచ్చి, ఇదే చివరి వీలునామా అని ప్రమాణం చేస్తే కోర్టు ముద్ర వేసి ఇచ్చేది. చనిపోయినవారి కొడుకుకో అన్నకో ముందుగా కబురు పంపాలన్న నియమం లేదు. ఊరవతల ఉన్న వారసుడికి తెలిసేలోపు ఇంటి తాళాలు, బ్యాంకు సొమ్ము, ఋణపత్రాలు అన్నీ ఎగ్జిక్యూటర్ చేతికి వెళ్లిపోయేవి. ప్రొబేటు ఇచ్చాక దాన్ని రద్దు చేయించడం కుదిరేదే కాని, అప్పటికి ఆస్తి మిగిలి ఉండాలిగా. అందుకని, అనుమానం ఉన్న వారసుడు ముందే రిజిస్ట్రీకి వెళ్లి తన పేరు రాయించుకునే పద్ధతి పుట్టింది. అప్పట్లో అలా వేసిన కేవియట్ మూడు నెలలు నిలిచేది. 1857లో చేసిన కోర్ట్ ఆఫ్ ప్రొబేట్ చట్టం ఈ అధికారాన్ని మత న్యాయస్థానాల నుంచి తీసేసినా, కేవియట్‌ను మాత్రం ఉంచింది.

మన దేశానికి ఈ పద్ధతి మద్రాసు, బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగింది. 1726 నాటి రాజపత్రం ఆ మూడు పట్టణాల్లోని మేయర్స్ కోర్టులకు ప్రొబేటు ఇచ్చే అధికారం ఇచ్చింది. మద్రాసులో ఆ అధికారం తరువాత రికార్డర్స్ కోర్టుకు, 1801లో సుప్రీంకోర్టుకు, 1862లో హైకోర్టుకు చేతులు మారింది. ఇది ప్రధానంగా ఇంగ్లీషువాళ్ల ఎస్టేట్ల కోసం పెట్టుకున్న ఏర్పాటు. హిందువులు వీలునామా రాయవచ్చా అన్నదే అప్పటికి తేలని ప్రశ్న. ఉమ్మడి కుటుంబం, పుత్రుల పుట్టుహక్కు మీద నిలిచిన ధర్మశాస్త్రంలో వీలునామాకు చోటు లేదు. 1829 నాటి మద్రాసు అయిదో రెగ్యులేషన్ ప్రకారం, హిందువు రాసిన వీలునామా హిందూ ధర్మానికి లోబడినంత మేరకే చెల్లుతుంది. నెల్లూరు నుంచి గంజాం దాకా తెలుగు జిల్లాలన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే.

1865లో వచ్చిన మొదటి వారసత్వ చట్టం హిందువులను, ముస్లిములను పక్కన పెట్టింది. 1870లో హిందూ విల్స్ చట్టం వచ్చింది. దిగువ బెంగాల్‌లోను, మద్రాసు, బొంబాయి పట్టణాల్లోను హిందువులు రాసే వీలునామాలకు, ఆ హద్దుల్లోని స్థిరాస్తిపై ఇతరచోట్ల రాసే వీలునామాలకు ఆ చట్టం వర్తించింది. దానితోపాటే ప్రొబేటు, దానివెంటే కేవియట్ హిందూ కుటుంబాల్లోకి వచ్చాయి. 1881 నాటి ప్రొబేట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ చట్టం ఈ విధానాన్ని మరింత విస్తరించింది. 1925లో అన్నింటినీ కలిపి ఇప్పుడున్న భారత వారసత్వ చట్టం చేశారు.

ఆ చట్టంలో చాలాకాలం తెలుగువాళ్లను రెండు రకాలుగా విడగొట్టిన నియమం ఒకటుండేది. 213వ సెక్షన్ ప్రకారం, ప్రొబేటు పొందకుండా ఎగ్జిక్యూటర్‌గాని లబ్ధిదారుగాని వీలునామా కింద తన హక్కును ఏ కోర్టులోనూ నిలబెట్టుకోలేకపోయేవారు. అయితే హిందువుల విషయంలో ఈ నిర్బంధం పాత బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సివిల్ పరిధికి మాత్రమే పరిమితమై ఉండేది. నెల్లూరులో పొలం, ఇల్లు ఉన్నవాడు అక్కడే వీలునామా రాస్తే దానికి ప్రొబేటు అక్కర ఉండేది కాదు. అదే మనిషికి మద్రాసు నగరంలో ఇల్లుంటే తప్పనిసరి అయ్యేది. మద్రాసులో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు, ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు ఎప్పుడూ ఎదురుకాని ప్రొబేటు గొడవ అందుకే ఎదురైంది. మన జిల్లాల్లో ఈనాటికీ కేవియట్ అంటే చాలామందికి గుర్తొచ్చేది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 148-ఏ సెక్షన్ కింద వేసేది, అంటే ఇంజంక్షన్ రాకుండా ముందే వేసుకునే కాగితం. అది 1976 సవరణతో వచ్చినది, 90 రోజులకు గడువు తీరిపోతుంది. ప్రొబేటు కేవియట్ వేరు. దాని చరిత్ర వేరు, దాన్ని నడిపే నియమాలు వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుని, 90 రోజులు దాటిపోయాయి కనుక ఇక చేయగలిగింది లేదని ఊరుకున్న వారసులు నష్టపోతారు.

ఇక అసలు ప్రశ్న, ఎవరు వేయవచ్చు? చట్టంలో 284వ సెక్షన్ ఈ మాట చెప్పలేదు. 283వ సెక్షన్‌లో మాత్రం, ఎస్టేటులో ఆసక్తి ఉందని చెప్పుకునే వాళ్లందరినీ కోర్టు పిలిపించి విచారణ చూడమనవచ్చని ఉంది. ఆ ఆసక్తి అంటే ఏమిటన్న దాని మీదే నూట నలభై ఏళ్లుగా తీర్పులు వస్తున్నాయి. అడ్డుపడే హక్కు అందరికీ ఇస్తే ఏ సంబంధమూ లేనివాడు ఎస్టేటును ఏళ్ల తరబడి బంధించగలడు. మరీ బిగిస్తే దొంగ వీలునామా ఎవరికీ తెలియకుండా ముద్ర వేయించుకుని బయటపడుతుంది. కోర్టులు ఈ రెండు భయాల మధ్య తిరుగుతూ వచ్చాయి.

మొదటి గట్టి గీత 1889లో కలకత్తా హైకోర్టు గీసింది. అభిరామ్ దాస్, గోపాల్ దాస్‌ల మధ్య వచ్చిన కేసు అది. చనిపోయిన మనిషికి ఆ ఆస్తిపై హక్కే లేదని, అది తనదని చెప్పుకునేవాడు ఆ మనిషి ఎస్టేటులో ఆసక్తి ఉన్నవాడు కాడని కోర్టు తేల్చింది. పైకి ఇది చిత్రంగా కనిపిస్తుంది, ఆలోచిస్తే సబబే. ప్రొబేటు కోర్టు చూసేది ఒక్కటే: ఈ కాగితం చనిపోయిన మనిషి స్వస్థచిత్తంతో, చట్టప్రకారం సంతకం చేసి రాసిన చివరి వీలునామాయేనా? ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న ఆ కోర్టు ముట్టుకోదు. ప్రొబేటు వచ్చినా ఇల్లు తనదనేవాడి హక్కు ఏమీ పోదు, వేరే దావా వేసుకోవచ్చు. అలాంటివాడికి ఇక్కడ చోటు ఇచ్చి లాభం లేదు.

అప్పుల వాళ్ల విషయంలోనూ ఆ కాలపు తీర్పులు ఒక దారి చూపాయి. చనిపోయినవారికి అప్పు ఇచ్చినవాడికి, ఆస్తి ఎవరికి వెళ్లినా ఎస్టేటు నుంచి బాకీ రావలసిందే. కాబట్టి ఎవరు వారసుడన్నది అతనికి అనవసరం. అయితే వారసుడికి అప్పు ఇచ్చి, అతని వాటాను జప్తు చేయించుకున్నవాడి సంగతి వేరు. ఆ బాకీ ఎగ్గొట్టడానికే వీలునామా కల్పించారని అతను చెబితే వినాలన్న వైపు కలకత్తా మొగ్గింది. వారసుడి దగ్గర వాటా కొనుక్కున్నవాడిని కూడా కొన్ని తీర్పులు లోపలికి రానిచ్చాయి. కాని కేసు నడుస్తుండగా కొన్నవాడికి ఆ గౌరవం లేదని 2007లో సునీల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ ప్రశ్న దేశమంతా చర్చకు వచ్చేలా చేసినది బిర్లా కుటుంబపు కేసు. ప్రియంవదా దేవి బిర్లా, మాధవ్ ప్రసాద్ బిర్లా భార్య. వాళ్లకు పిల్లలు లేరు. 1980ల మొదట్లో ఆ దంపతులు ఒకరికొకరు వీలునామాలు రాసుకున్నారు. ఆస్తి చివరికి దానధర్మాలకు వెళ్లాలన్నది వాటి ఉద్దేశమని బిర్లా బంధువుల వాదం. 1990లో ఆయన చనిపోయారు. 1999 ఏప్రిల్‌లో ఆమె మరో వీలునామా రాసి, తన ఎస్టేటును చార్టర్డ్ అకౌంటెంట్ రాజేంద్ర సింగ్ లోధాకు ఇచ్చారు. 2004 జులైలో ఆమె చనిపోగానే లోధా కలకత్తా హైకోర్టులో ప్రొబేటుకు వెళ్లారు. కృష్ణకుమార్ బిర్లా, బసంత్ కుమార్ బిర్లా, యశోవర్ధన్ బిర్లాతోపాటు బంధువులు కేవియట్లు వేశారు.

2008 మార్చి 31న సుప్రీంకోర్టు ఈ ముగ్గురికీ కేవియట్ వేసే ఆసక్తి లేదంది. కారణం వారసత్వ లెక్కలో ఉంది. పిల్లలు, భర్త లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే, తల్లిదండ్రుల నుంచి వచ్చినది తప్ప మిగిలిన ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకు పోతుంది. మాధవ్ ప్రసాద్ అక్కచెల్లెళ్లు బతికే ఉన్నారు. దగ్గరి వారసులు వాళ్లు. లోధా వీలునామా కొట్టేసినా సరే, ఆ ముగ్గురికి పైసా రాదు. వంశగౌరవం, దంపతుల దానసంకల్పం కాపాడాలన్న కోరిక ఎంత నిజమైనదైనా అది ఎస్టేటులో ఆసక్తి కాదని కోర్టు భావించింది. తీర్పులో ప్రతి కేసూ దాని వాస్తవాల మీద ఆధారపడుతుందన్న హెచ్చరిక కూడా ఉంది. ఆ ఏడాది అక్టోబరులో లోధా చనిపోయారు. ఆయన కొడుకులు వ్యాజ్యాన్ని తలకెత్తుకున్నారు. వేల కోట్ల ఆస్తిపై ఆ పోరు తరువాత కూడా ఏళ్ల తరబడి సాగింది. కేవియట్ ఎవరికి చెల్లుతుందన్న ప్రశ్న ఒక్కటి తేలడానికే నాలుగేళ్లు పట్టిన సంగతి గమనించాలి.

చిత్రమేమిటంటే అదే 2008లో జి. గోపాల్ కేసులో మరో సుప్రీంకోర్టు ధర్మాసనం, ఎస్టేటులో ఏ కొంచెం ఆసక్తి ఉన్నా కేవియట్ వేసి వీలునామాను ప్రశ్నించవచ్చని చెప్పింది. అక్కడ అడ్డుపడినవాళ్లు వీలునామా రాసినవారి మనవలు. వాళ్లకు నోటీసు లేకుండా పొందిన ప్రొబేటును రద్దు చేయడం సరైనదేనంది. రెండు తీర్పుల మధ్య పొంతన కనిపించక 2010లో జగ్జీత్ సింగ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ కలిపి చదవవచ్చు. ఆసక్తి ఎంత చిన్నదైనా చాలు, కాని అది వారసత్వం నుంచి లేదా మరో వీలునామా నుంచి రావాలి. గుమ్మం దగ్గరే ఆసక్తి విలువను తూచి చిన్నదని వెనక్కి పంపడం అన్యాయం. అసలు ఆసక్తే లేనివాడిని లోపలికి రానివ్వడం కూడా అన్యాయమే.

ఇదంతా ఒక కుటుంబానికి ఎలా వర్తిస్తుందో చూద్దాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ. నెల్లూరు నుంచి వెళ్లి మద్రాసు టి.నగర్‌లో స్వార్జితంతో ఇల్లు కట్టుకున్న తండ్రి చనిపోయాడు. భార్య ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, విజయవాడలో స్థిరపడిన ఒక కూతురు. చనిపోవడానికి కొద్ది నెలల ముందు రాసిన రిజిస్టరు కాని వీలునామా ఒకటి చిన్నకొడుకు బయటపెట్టాడు. ఇల్లంతా తనకే, ఎగ్జిక్యూటర్ కూడా తనే. ఆ రోజుల్లో తండ్రి పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు.

కూతురు కేవియట్ వేయవచ్చు. వీలునామా లేకపోతే ఆమె మొదటి తరగతి వారసురాలు, మూడో వంతు ఆమెది. పెద్దకొడుకూ అంతే. పెద్దకొడుకు బతికుండగా అతని కొడుకు వేయలేడు. అతను తండ్రికంటే ముందే చనిపోయి ఉంటే ఆ మనవడికి హక్కు వస్తుంది. చనిపోయినవారి తమ్ముడు, అంటే పిల్లల బాబాయి, ఎంత ప్రేమతో వచ్చినా వేయలేడు, పిల్లలుండగా అతనికి వాటా లేదు. పదేళ్ల కిందటి వీలునామాలో కొంత సొమ్ము రాసి ఉన్న ఒక బంధువు వేయవచ్చు. కొత్త వీలునామా పడిపోతే పాతది లేస్తుంది, అప్పుడు ఆ బంధువుకు ఆ సొమ్ము వస్తుంది. ఇంటి స్థలంలో కొంత భాగం తనదనే పొరుగువాడికి, ఇంటి మీద అప్పు ఇచ్చిన బ్యాంకుకు ఇక్కడ పని లేదు.

కూతురు ఆలస్యం చేయకూడదు. పిటిషన్ పడకముందే కూడా కేవియట్ వేయవచ్చు. పడ్డాక వేసినా, ప్రొబేటు ఇచ్చేలోపు వేయాలి. మద్రాసు హైకోర్టు నిబంధనల ప్రకారం, పిటిషన్ పడి ఉంటే కేవియట్ వేసిన ఎనిమిది రోజుల్లో అఫిడవిట్ దాఖలు చేయాలి. బొంబాయిలోనూ ఎనిమిది రోజులే. షెడ్యూలులోని ఒక్క వాక్యానికి తోడు, ఇక్కడ ఆమె అసలు మాట చెప్పాలి: తను ఎవరు, ఎస్టేటులో తన హక్కు ఏమిటి, అభ్యంతరం దేనిమీద. చాలా కేవియట్లు పడిపోయేది ఈ మెట్టు దగ్గరే. అఫిడవిట్ గడువులో పడకపోతే కేవియట్‌కు ప్రొబేటును ఆపే శక్తి పోతుంది. పడినా, వీలునామా నకిలీ, తమ్ముడు మోసం చేశాడు అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటే లాభం లేదు. మోసం, ఒత్తిడి అనే ఆరోపణలకు వివరాలు ఇచ్చి తీరాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ అడుగుతుంది. ఆ నెలలో తండ్రి చెయ్యి ఆడేదా, ఆసుపత్రి కాగితాలు ఏం చెబుతున్నాయి, సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఎవరి మనుషులు, తండ్రి చదవగల భాషలోనే వీలునామా రాశారా, తయారీలో తమ్ముడి పాత్ర ఏమిటి అన్నవి తేదీలతో రాయాలి.

అఫిడవిట్ పడ్డాక విచారణ రూపమే మారిపోతుంది. అప్పటిదాకా అది ఒరిజినల్ పిటిషన్, అవతల మనిషి లేని వ్యవహారం. 295వ సెక్షన్ ప్రకారం ఇక అది వీలైనంతవరకు మామూలు దావా లాగా నడవాలి. పిటిషన్ వేసిన చిన్నకొడుకు వాది, కేవియట్ వేసిన కూతురు ప్రతివాది. మద్రాసు హైకోర్టులో పాత ఓ.పి. నంబరు పోయి టి.ఓ.ఎస్. అనే కొత్త నంబరు వస్తుంది. లిఖిత వాదన, సమస్యల నిర్ణయం, సాక్షులు, అడ్డ ప్రశ్నలు అన్నీ ఉంటాయి. అభ్యంతరం లేనప్పుడు ఒక సాక్షి అఫిడవిట్‌తో తేలిపోయే విషయం ఇప్పుడు బోనులో తేలాలి. వీలునామాపై సంతకం పెట్టిన సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి, తండ్రి సంతకం చేయడం చూశానని, ఆయన ఎదుట తనూ సంతకం చేశానని చెప్పాలి. కూతురి న్యాయవాది అతన్ని ప్రశ్నిస్తాడు. అబద్ధపు వీలునామాలు ఎక్కువగా బయటపడేది ఈ ప్రశ్నల్లోనే.

భారం ఎవరిదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. 1958లో హెచ్. వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం నేటికీ నిలిచి ఉంది. వీలునామాను ముందుకు తెచ్చినవాడే దాన్ని రుజువు చేయాలి. చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించవలసినదీ అతనే. మంచం మీద ఉన్న తండ్రి, ఇద్దరు పిల్లలను పూర్తిగా తీసేసిన పంపకం, తయారీలో ముందుండి నడిపిన లబ్ధిదారు అలాంటి పరిస్థితులే. అయితే మోసం చేశారని, బలవంతపెట్టారని కూతురు చెబితే, ఆ మాట రుజువు చేయవలసిన భారం ఆమెదే. అందుకే అనుభవమున్న న్యాయవాదులు అఫిడవిట్‌లో పెద్ద పెద్ద ఆరోపణలకంటే చిన్న చిన్న వాస్తవాలకు ఎక్కువ చోటిస్తారు.

కేవియట్ చేయలేనివీ ఉన్నాయి. అది ప్రొబేటును ఆపుతుందే తప్ప ఆస్తిని కాపలా కాయదు. అద్దెలు వసూలవుతూనే ఉంటాయి, ఇంటి మీద బేరం కూడా సాగవచ్చు. దానికి వేరే అడుగు వేయాలి. దావా నడుస్తుండగా ఎస్టేటును చూసుకోవడానికి కోర్టు 247వ సెక్షన్ కింద నిర్వాహకుణ్ణి నియమించవచ్చు. అతను కోర్టు అదుపులో ఎస్టేటు నడపాలి, పంచిపెట్టకూడదు. బిర్లా ఎస్టేటుకు కూడా కలకత్తా హైకోర్టు తరువాత అలాంటి సంఘాన్నే నియమించింది. ఇల్లు పిత్రార్జితమని, తండ్రికి దాన్ని రాసే హక్కే లేదని కూతురు అనదలచుకుంటే, ఆ వాదన ప్రొబేటు కోర్టు వినదు. దానికి విభాగ దావా వేరే వేయాలి.

ఇంకో లోపం పరిధికి సంబంధించినది. తండ్రి స్థిరనివాసం ఉన్న చోటగాని, ఏ కొంత ఆస్తి ఉన్న చోటగాని ప్రొబేటుకు వెళ్లవచ్చు. మద్రాసులో వేసిన కేవియట్ నెల్లూరు జిల్లా కోర్టులో పడే పిటిషన్‌ను దానంతట అదే ఆపదు. ఆస్తి రెండు చోట్ల ఉంటే కాగితమూ రెండు చోట్ల పడాలి. కేవియట్‌లో ఇచ్చిన చిరునామాకే నోటీసు వెళుతుంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు ఊళ్లో తాళం వేసిన ఇంటి చిరునామా ఇస్తే, నోటీసు తలుపు దగ్గరే ఆగిపోతుంది. తమ న్యాయవాది చిరునామా ఇవ్వడమే మేలు.

గడువు దాటి ప్రొబేటు వచ్చేసిందనుకుందాం. అప్పుడిక కేవియట్ పనికిరాదు. 263వ సెక్షన్ కింద రద్దు కోరాలి. రావలసినవాళ్లను పిలవకుండా పొందిన ప్రొబేటు ఆ సెక్షన్ చెప్పే సరైన కారణాల్లోకి వస్తుంది. కాని అప్పటికి తమ్ముడి చేతిలో కోర్టు ముద్ర ఉంటుంది, ఇల్లు కొన్నవాడు మూడో మనిషిగా రంగంలోకి వస్తాడు. రద్దుకు పోరాడటం కంటే ముందే ఆపడం ఎంతో తేలిక. రాజీ కుదిరి కూతురు కేవియట్ వెనక్కి తీసుకుంటే వ్యవహారం మళ్లీ అభ్యంతరం లేని పిటిషన్‌లా నడుస్తుంది. అప్పుడు కూడా వీలునామా రుజువు కావలసిందే.

ఇంగ్లండులో పద్ధతి కొంత వేరుగా ఎదిగింది. అక్కడ కేవియట్ ఆరు నెలలు నిలుస్తుంది, కొనసాగించుకోవచ్చు. వేసేటప్పుడు ఆసక్తి చూపనక్కర లేదు. అవతలివాళ్లు హెచ్చరిక పంపినప్పుడు మాత్రం విరుద్ధ ఆసక్తి ఏమిటో గడువులో చెప్పి హాజరు కావాలి. ఆ గడువు కూడా మొదట ఎనిమిది రోజులే. 2020లో దాన్ని 14 రోజులకు పెంచారు. మన దగ్గర కూడా ఎనిమిది రోజులు తక్కువే. వేరే రాష్ట్రంలో ఉన్న కూతురు ఆసుపత్రి కాగితాలు తెప్పించి, అఫిడవిట్ రాయించడానికి ఆ వ్యవధి చాలదు. ఆలస్యాన్ని కోర్టులు క్షమించడం ఉంది కాని, క్షమాపణ మీద ఆధారపడే హక్కు బలహీనమైన హక్కు.

2025 డిసెంబరులో పార్లమెంటు రద్దు, సవరణ చట్టం ద్వారా 213వ సెక్షన్‌ను తొలగించింది. మతాన్ని, నగరాన్ని బట్టి కొందరికే తప్పనిసరిగా ఉన్న ప్రొబేటు ఇకపై ఎవరికీ తప్పనిసరి కాదు. ఆ భేదం పోవడం న్యాయమే. మద్రాసు ఇంటికి, నెల్లూరు ఇంటికి రెండు నీతులు ఉండనక్కర లేదు. కాని దీని రెండో ముఖం గురించి పెద్దగా చర్చ జరగలేదు. కేవియట్ బలమంతా అవతలివాడు ప్రొబేటుకు కోర్టుకు రాక తప్పదన్న స్థితి నుంచి వచ్చింది. రాకపోతే కేవియట్ ఆపడానికి ఏమీ లేదు. పైన చెప్పిన చిన్నకొడుకు ఇప్పుడు కోర్టుకే వెళ్లకుండా, వీలునామా చూపించి మున్సిపాలిటీలో పేరు మార్పించుకుని, ఇంటిని అమ్మకానికి పెట్టవచ్చు. కూతురు హైకోర్టులో వేసిన కాగితం అలా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లోని వారసులు మొదటి నుంచీ ఉన్న స్థితి ఇదే. ఇప్పుడు మద్రాసు, బొంబాయి, కలకత్తా వారసులూ ఇందులోకి వచ్చారు.

276వ సెక్షన్ కింద ప్రొబేటు కోరే దారి, 284 కింద కేవియట్ వేసే దారి రెండూ అలాగే ఉన్నాయి. బ్యాంకులు, కంపెనీలు, కొనుగోలుదారులు ఇంకా ప్రొబేటు అడుగుతారు కనుక పిటిషన్లు పడుతూనే ఉంటాయి. కాబట్టి అనుమానం ఉన్న వారసులు కేవియట్ వేయడం మానకూడదు. కాని దాని మీదే భారం వేసి కూర్చోకూడదు. ఆస్తి ఉన్న చోటి సివిల్ కోర్టులో వీలునామా చెల్లదని ప్రకటన, విభాగం కోరుతూ దావా వేసి, అమ్మకం జరగకుండా ఇంజంక్షన్ అడగాలి. రెవెన్యూ, మున్సిపల్ కార్యాలయాలకు, బ్యాంకులకు అభ్యంతరం లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు దాచుకోవాలి. పన్నెండు నెలలు ఆగి చూద్దామనుకున్న వారసుడికి ఇకపై చట్టం ముందుగా కబురు చేయదు.